160 మెగాహెర్ట్జ్ వైఫై రౌటర్ కొంటున్నారా? డీఎఫ్‌ఎస్ ఛానెళ్లతో జాగ్రత్త

పెట్టె మీద 160 మెగాహెర్ట్జ్ అని పెద్దక్షరాల్లో వేసి అమ్మే రౌటర్ల గురించి ఈ హెచ్చరిక. 5 గిగాహెర్ట్జ్‌లో అంత వెడల్పు రావాలంటే రౌటర్ మామూలుగా 36 నుంచి 64 దాకా ఛానెళ్లన్నీ కలిపి వాడాలి. వాటిలో 52 నుంచి 64 వరకు రాడార్లతో పంచుకునేవి, అంటే డీఎఫ్‌ఎస్ ఛానెళ్లు. 100 నుంచి 144 వరకూ అంతే. అక్కడ రాడార్ పల్స్ లాంటిది వినిపిస్తే రౌటర్ 10 సెకన్లలో ఛానెల్ ఖాళీ చేయాలి, 30 నిమిషాలు మళ్లీ అటు వెళ్లకూడదు. ఇది నిబంధన, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఈ ముక్క పెట్టె మీద ఉండదు, అమ్మేవాళ్లూ చెప్పరు. నెట్ ఆగుతోందని ఫిర్యాదు చేస్తే మీ ఇంటర్నెట్ కనెక్షన్‌దే తప్పంటారు.

ఎవరిది తప్పో తేల్చడం తేలికే. వైఫైలో ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కే పింగ్ పెట్టి వదిలేయండి (మీ రౌటర్ అడ్రస్ వేరైతే అది వేసుకోండి):

```
ping -t 192.168.1.1
```

వీడియో కాల్ ఆగినప్పుడు ఇదీ ఆగితే బయటి లైన్‌కు సంబంధం లేదు. ఎంతసేపు ఆగిందో చూడండి. ఒకటి రెండు సెకన్లైతే రౌటర్ 36 లాంటి మామూలు ఛానెల్‌కు దూకి ఉంటుంది. నిమిషం దాటితే మరో డీఎఫ్‌ఎస్ ఛానెల్ ఎంచుకుని ఉంటుంది, ఎందుకంటే అక్కడ మాట్లాడే ముందు కనీసం 60 సెకన్లు ఊరికే వినాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ ఉన్న రౌటర్లలో లాగ్ ఇలా కనిపిస్తుంది:

```
DFS-RADAR-DETECTED freq=5500 chan_width=3 cf1=5530
```

5500 అంటే ఛానెల్ 100. chan_width=3 అంటే వెడల్పు 80, కాబట్టి 100, 104, 108, 112 నాలుగూ ఒక్కసారే పోతాయి. 160 పెడితే ఎనిమిది. వెడల్పు పెంచిన కొద్దీ తగిలే అవకాశమూ పెరుగుతుందన్నమాట.

మా ఊళ్లో రాడారే లేదుగా అనకండి. వేరే రేడియో గోలను రాడార్‌గా పొరబడే రౌటర్లున్నాయి. అన్నట్టు, విశాఖ, మచిలీపట్నం తుఫాను రాడార్లను తిట్టుకోవద్దు. అవి ఎస్ బ్యాండ్‌వి, 5 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో ఉండవు.

ఛానెల్ ఆటోలో వదలకుండా 36 లేదా 149 పెట్టి, వెడల్పు 80కి దించండి. వేగం కొంత తగ్గుతుంది, తెగడం ఆగుతుంది. కొందరు దేశం సెట్టింగ్ మార్చమంటారు. అది చట్టవిరుద్ధం, చేయొద్దు. మెష్ సెట్ అయితే నోడ్ల మధ్య వైర్‌లెస్ లింక్ ఏ ఛానెల్‌లో ఉందో కూడా చూడండి, అది తెగితే వెనక నోడ్ కింద ఉన్నవన్నీ ఒక్కసారే పడిపోతాయి. ఆ ఛానెల్ చేత్తో మార్చే వీల్లేని సెట్‌లు చాలా ఉన్నాయి. అలాంటిదైతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.