లోన్ కన్సల్టెంట్‌కి ఫీజు కట్టే ముందు ఇది చదవండి: 40 లక్షల లిమిట్ వచ్చింది, వాడుకోగలిగింది 19.5 లక్షలే

మాది జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. వ్యాపారం నడపడానికి అవసరమైనప్పుడల్లా బ్యాంకు నుంచి తీసుకుని వాడుకునే క్యాష్ క్రెడిట్, అంటే సీసీ లిమిట్ కోసం ఒక కన్సల్టెంట్‌ని పెట్టుకున్నాను. ఏడాదికి 1.2 కోట్లున్న మా అమ్మకాలు 2 కోట్లు అవుతాయని రిపోర్టులో రాశాడు. చిన్న యూనిట్లకు అంచనా టర్నోవర్‌లో 20 శాతం ఇచ్చే పద్ధతి ఉంది కాబట్టి 40 లక్షలు మంజూరయ్యాయి. అతని ఫీజు మంజూరైన మొత్తంపై 2 శాతం, అంటే 80 వేలు.

రెండో నెల క్రాఫ్ట్ పేపర్ డీలర్‌కి ఇచ్చిన 3 లక్షల చెక్కు బౌన్స్ అయింది. ఆ తర్వాతి లోడ్ గేటు దాకా వచ్చింది. డీలర్ ఫోన్ చేసి, డబ్బు పడేదాకా ఒక్క రోల్ కూడా దించొద్దని డ్రైవర్‌తో చెప్పాడు. బ్యాంకుకి పరుగెత్తితే అప్పుడు తెలిసింది. లిమిట్ 40 అయినా, ప్రతి నెలా మనమిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ని బట్టి కట్టే డ్రాయింగ్ పవర్ వరకే డబ్బు తీయగలం. మాది 19.5 లక్షలు.

ఆ రాత్రి నేనే లెక్క వేసుకున్నాను. పేపర్ రోజుకి 20 వేలది వాడతాం, 30 రోజుల నిల్వ 6 లక్షలు. తయారైనవీ, సగంలో ఉన్నవీ కలిపి 10 రోజుల సరుకు, 3 లక్షలు. కస్టమర్ల దగ్గర బాకీ 25 లక్షలు. దాన్ని ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే 76 రోజులు. కన్సల్టెంట్ రాసింది 45! మొత్తం 34 లక్షల్లో డీలర్‌కి ఇవ్వాల్సిన 3 తీసేస్తే 31. అందులో పావు వంతు, 7.75 లక్షలు, మార్జిన్‌గా మనం పెట్టాలి, మిగతా 23.25 లక్షలు బ్యాంకు ఇవ్వాలి.

అదీ రాలేదు. ఒక మందుల కంపెనీ బిల్లులు 5 లక్షలు 90 రోజులు దాటిపోయాయి. అంత పాతవాటిని మా బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. వాటి ముప్పావు, 3.75 లక్షలు, కూడా నా జేబులోంచే పెట్టాలి. అంటే నేను సిద్ధం చేసుకోవాల్సిన సొంత డబ్బు 11.5 లక్షలు. ఈ ఒక్క అంకె ముందే తెలిసి ఉంటే ఆ చెక్కు రాసేవాణ్ణి కాదు.

సగటు రోజులు చూసి మోసపోకండి. ట్యాలీలో బిల్లుల వయసు రిపోర్ట్ తీసి, 90 రోజులు దాటినవి వేరే చూడండి. కన్సల్టెంట్ ఆ రిపోర్ట్ అడక్కుండానే లోన్ మొత్తం చెప్పేస్తే అక్కడితో ఆగిపోండి. ఫీజు మంజూరైన మొత్తం మీద శాతంగా అడిగితే ఒప్పుకోకండి. మా ఒప్పందంలో అలాగే ఉంది కాబట్టే, నాకు అక్కరకు రాని 20.5 లక్షల మీద కూడా 41 వేలు కట్టాను.