ఉక్కపోతలో వేడి ఆవిర్లు: రెండేళ్ల వాడకం తర్వాత ఏది పనికొచ్చింది

నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడి, అది తప్పడం మొదలైన దగ్గర్నుంచి నాకు వేడి ఆవిర్లు వస్తున్నాయి, అంటే ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమటలు పట్టేస్తాయి. రోజూ గాజువాక నుంచి జగదాంబ వైపు కిక్కిరిసిన సిటీ బస్సులో ఆఫీసుకు వెళ్తాను. విశాఖలో ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ బాధ. గాలిలో తేమ వల్ల చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కాబట్టి ఏం కొన్నా, ఏం కట్టుకున్నా చెమట ఆరనిస్తుందా లేదా అన్నదే చూసుకుంటాను.

అందరూ కాటన్ కట్టుకోమంటారు. మందపాటి కాటన్ చెమటను పీల్చుకుని గంటలతరబడి తడిగానే ఉంటుంది. ఆవిరి తగ్గాక ఆ తడే చలి పుట్టిస్తుంది. పల్చటి మల్ కాటన్ చీర త్వరగా ఆరుతుంది. దానికన్నా పెద్ద తేడా తెచ్చింది జాకెట్టు. ఆవిరి ఛాతీలో మొదలై మెడకూ ముఖానికీ ఎగబాకుతుంది, మనమేమో సరిగ్గా అక్కడే లైనింగ్ వేసి రెండు పొరలు బిగిస్తాం. ఇప్పుడు లైనింగ్ లేకుండా, వీపు మెడ కిందికి దించి, చంకల దగ్గర వదులుగా కుట్టించుకుంటున్నాను. చిన్న పూల ప్రింటు అయితే చెమట మరకలు కనపడవు. లోపలి లంగా శాటిన్‌ది వద్దు, కాటన్‌దే మేలు.

మెడలో వేసుకునే ఛార్జింగ్ ఫ్యాన్ ఒక్కటే వాడితే వేడిగాలే తిప్పుతుంది. ముందు తడి రుమాలుతో మెడ వెనక, మణికట్లు తుడుచుకుని ఆ తర్వాత వేస్తే హాయిగా ఉంటుంది. గుండె దడగా అనిపించగానే మొదలుపెడతాను. ఆవిరి రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది, ఆ కాసేపు ఒళ్లు చల్లగా ఉంటే చాలు.

ఆవిర్లు ఎప్పుడొస్తున్నాయో కొన్నాళ్లు రాసుకున్నాను. ఈ వయసులో ఈస్ట్రోజెన్ తగ్గడంతో, ఒంటి వేడి కాస్త పెరిగినా మెదడు దాన్ని అతి వేడిగా భావించి చెమట పట్టిస్తుంది. నా పుస్తకంలో ఎక్కువసార్లు కనిపించినవి మూడు: పొగలుకక్కే టీ, మీటింగ్ టెన్షన్, ఏసీ గదిలోంచి నేరుగా రోడ్డు మీదకు రావడం. టీ గోరువెచ్చగా అయ్యాకే తాగుతున్నాను. సాయంత్రం కాసేపు వరండాలో నిలబడి గాలికి అలవాటుపడ్డాకే బస్టాపుకు వెళ్తాను. ఆవకాయ మానేసి చూశాను, నాకు తేడా తెలియలేదు, మళ్లీ తింటున్నాను. కొందరికి కారం పడదు, ఎవరిది వాళ్లే రాసుకుని చూసుకోవాలి.

రాత్రి నిద్ర చెడగొట్టే ఆవిర్లకు ఇవేవీ చాలలేదు. డాక్టరమ్మ ముందు థైరాయిడ్ పరీక్ష రాశారు, థైరాయిడ్ ఎక్కువైనా దడ, చెమటలు ఇలాగే ఉంటాయట. హార్మోన్ మందులూ, హార్మోన్ కాని మందులూ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. జ్వరం, బరువు తగ్గడం తోడైనా, నెలసరి ఏడాదిపాటు ఆగి మళ్లీ రక్తస్రావం కనిపించినా వెంటనే చూపించుకోండి.