దీపావళికి మిగిలిన సరుకు: ధర తగ్గించాలా, ధర నిలిపి కానుక ఇవ్వాలా?

బరంపురంలో ఒక బట్టల కొట్టు అనుకుందాం. 3,000 పడిన పట్టుచీర, పండక్కి అమ్మిన ధర 4,200.

లెక్క: 30 శాతం తగ్గిస్తే 2,940 వస్తుంది, చీరకి 60 నష్టం. ధర అలాగే ఉంచి 350 పడే నూలుచీర కానుకగా ఇస్తే 850 మిగులుతుంది. కాకపోతే అమ్మకం నెమ్మది. నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చిన డబ్బయితే నెలకి 45 పోతుంది. నాలుగు నెలలాగినా 670 చేతిలో ఉన్నట్టే.

శ్రమ: బోర్డు పెడితే చాలు తగ్గింపుకి. నిల్వ పట్టుకి మాత్రం అప్పుడప్పుడు మడత మార్చాలి, లేకపోతే మడత దగ్గర జరీ విరుగుతుంది.

పాత కొనుగోలుదారు: పోయిన వారం 4,200 ఇచ్చినావిడ బోర్డు చూస్తే ఊరుకోదు, వచ్చే ఏడు దీపావళి దాటాకే వస్తుంది. తగ్గించక తప్పకపోతే, పదిహేను రోజుల్లోపు కొన్నవాళ్లకి బిల్లు చూసి తేడా మొత్తాన్ని తర్వాతి కొనుగోలులో జమ చేయండి. నగదు వద్దు.

పెళ్లిళ్లకి పనికొచ్చే పట్టుకి కానుకే మేలు. సైజులు తెగిపోయిన పిల్లల గౌన్లు దాచి లాభం లేదు. ‘మిగిలిన సైజులు’ అని రాసి, లోపలి అరలో తగ్గించి అమ్మేయండి.