ఫ్లాంజ్ బోల్టు బిగించడానికి ఏది మేలు: టార్క్ రెంచా, కోణం లెక్కా, హైడ్రాలిక్ టెన్షనరా?

ఒక నీళ్ల లైనులో 200 మి.మీ. పైపు ఫ్లాంజ్ బిగించాం. 16 బార్ రేటింగు, 12 బోల్టులు, ఒక్కోటి 20 మి.మీ., తల మీద 8.8 అని ముద్ర. మధ్యలో 2 మి.మీ. ఫైబర్ షీటు గాస్కెట్. టార్క్ రెంచ్ 220 న్యూటన్ మీటర్లకు పెట్టి పన్నెండింటినీ బిగించాం, పన్నెండూ 'టిక్' అన్నాయి. హైడ్రో టెస్టు పాసయింది. మూడో రోజు కింది వైపు చెమట పట్టినట్టు తడి, సాయంత్రానికి చుక్కలు. నట్ల మీద పెయింటుతో గీసిన గుర్తులు మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

నట్టు తిరగలేదు, అయినా బిగింపు పోయింది. అదెలా అన్నది తెలిస్తేనే ఏ పద్ధతి మేలో తేలుతుంది.

బోల్టు అంటే గట్టి స్ప్రింగే. నట్టు తిప్పితే బోల్టు సాగుతుంది, సాగినది వెనక్కి లాగుతూ రెండు ఫ్లాంజ్‌లనూ నొక్కుతుంది. ఆ లాగుడే ప్రీలోడ్. మా ఫ్లాంజ్‌లో ఒక్కో బోల్టు మీద కావాలనుకున్నది సుమారు 73 కిలోన్యూటన్లు. 20 మి.మీ. బోల్టు మరలో బరువు మోసే విస్తీర్ణం 245 చదరపు మి.మీ., అంటే ఒత్తిడి 300 మెగాపాస్కల్స్. ఈ గ్రేడు బోల్టు శాశ్వతంగా సాగిపోయే హద్దు 660, కాబట్టి బోల్టుకు ఏ ఇబ్బందీ లేదు. 16 బార్ నీళ్లు ఫ్లాంజ్‌లను విడదీయాలని తోసే బలం, గాస్కెట్ బయటి అంచు దాకా లెక్కేసినా, బోల్టుకు 8 కిలోన్యూటన్లు దాటదు. మిగతాదంతా గాస్కెట్‌ను నొక్కి ఉంచడానికే.

ఇంత మిగులు ఉండగా లీకేమిటని మొదట నాకూ అనిపించింది. సాగుడు ఎంతో లెక్కేశాక అర్థమైంది. రెండు ఫ్లాంజ్‌లూ గాస్కెట్టూ కలిపి మందం 50 మి.మీ. నట్టు లోపల, తల దగ్గర కూడా కొంత సాగుతుంది కాబట్టి 70 అనుకుందాం. 300 మెగాపాస్కల్స్ దగ్గర ఆ బోల్టు సాగేది మి.మీ.లో పదో వంతు, 0.1 మాత్రమే. ఆ 73 కిలోన్యూటన్లూ ఈ పిసరంత సాగుడులోనే ఉన్నాయి. నట్టు కింద పెయింటు నలిగి, మరల గరుకు అణిగి, గాస్కెట్ మెల్లగా ఇంకాస్త పలచబడి మొత్తం 0.02 మి.మీ. తగ్గిందనుకోండి. బోల్టు వరకే చూస్తే ఐదో వంతు బలం పోయినట్టే. ఫ్లాంజ్‌లూ గాస్కెట్టూ స్ప్రింగులా తేరుకుని కొంత తిరిగి ఇస్తాయి గానీ, ఫైబర్ గాస్కెట్ 0.02తో ఆగుతుందన్న భరోసా లేదు. ఎక్కువ తగ్గుదల మొదటి కొన్ని గంటల్లోనే జరుగుతుంది. అందుకే టెస్టు నాడు బాగున్నది మూడో రోజు కారింది.

ఇక పద్ధతులు. ముందుగా అందరి చేతిలో ఉండే టార్క్ రెంచ్. దాని లెక్క ఇదే:

```
T = K × D × F
```

T టార్క్, D బోల్టు వ్యాసం, F ప్రీలోడ్. K అంటే మరల్లో, నట్టు కింద ఉన్న రాపిడినంతా కలిపి చెప్పే నట్ ఫ్యాక్టర్, అసలు తంటా దీనితోనే. మనం పెట్టే టార్క్‌లో దాదాపు సగం నట్టు కింది ముఖం దగ్గర రాపిడికి పోతుంది, మరో 40 శాతం మరల్లో పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పదో వంతే. రాపిడి కొంచెం మారినా ఆ పదో వంతు బాగా మారుతుంది. నూనె రాసిన మంచి బోల్టుకు K సుమారు 0.15. దాని ప్రకారమే 220 పెట్టాం: 0.15 × 0.020 × 73,000 అంటే 219. పొడిగా, కాస్త తుప్పుతో ఉంటే K 0.22 దాకా పోతుంది. అప్పుడు అదే 220కి వచ్చేది 50 కిలోన్యూటన్లే. మాలిబ్డినం పేస్టు రాస్తే 0.12కి దిగుతుంది, అప్పుడు 92 వస్తుంది. రెంచ్ మూడుసార్లూ ఒకేలా 'టిక్' అంటుంది. రెంచ్‌కు ఎంత ఖరీదైన కాలిబ్రేషన్ చేయించినా ఈ తేడాను అది పట్టుకోలేదు. మామూలు పనిలో ప్రీలోడ్ అటూ ఇటూ 30 శాతం మారుతుందని లెక్కేసుకోవాలి.

మా లీకులో జరిగింది ఇదే. ఎనిమిది కొత్త బోల్టులు, నాలుగు పాతవి. పాతవాటిని వైరు బ్రష్‌తో ఒక రుద్దు రుద్ది వాడేశారు, నూనె రాయలేదు. వాటిలో రెండు కింది వైపు పక్కపక్కన పడ్డాయి. ఫ్లాంజ్ సగటును చూసి కారదు. పక్కపక్కన ఉన్న రెండు బోల్టులు బలహీనపడితే ఆ మధ్యలోంచే కారుతుంది.

రాపిడితోనే గొడవైతే టార్క్‌ను వదిలేసి నట్టును ఇన్ని డిగ్రీలు తిప్పితే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. ఇనుప పలక మీద ఇనుప పలక ఉండే స్ట్రక్చర్ జాయింట్లలో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది, టార్క్ కంటే నిలకడగా కూడా ఉంటుంది. గాస్కెట్ ఉన్న ఫ్లాంజ్‌కు మాత్రం నేను వద్దంటాను. 20 మి.మీ. బోల్టు మర పిచ్ 2.5 మి.మీ. కాబట్టి 0.1 మి.మీ. సాగుడుకు నట్టు తిరగాల్సింది పదిహేను డిగ్రీల లోపే. అదే సమయంలో గాస్కెట్ 0.2 లేదా 0.3 మి.మీ. నలిగితే దానికే ముప్పై నుంచి నలభై డిగ్రీలు పోతాయి. గాస్కెట్ ఎంత నలుగుతుందో బ్యాచ్‌కీ, మందానికీ, ఫ్లాంజ్ ముఖం నునుపుకీ మారుతుంది. అంటే మనం కొలిచే కోణంలో ముప్పాతిక వంతు గాస్కెట్‌ది, పావు వంతే బోల్టుది. ఇంతకంటే టార్కే నయం.

మూడోది హైడ్రాలిక్ టెన్షనర్. ఇది నట్టును తిప్పదు. స్టడ్ చివర పట్టుకుని నూనె ఒత్తిడితో తిన్నగా పైకి లాగుతుంది. సాగిన స్టడ్ మీద నట్టును కిందికి దింపేసి ఒత్తిడి వదిలేస్తారు. రాపిడి ప్రసక్తే లేదు కాబట్టి వినగానే ఇదే సరైనదనిపిస్తుంది. చిక్కు ఒత్తిడి వదిలిన క్షణంలో ఉంది. బరువు టెన్షనర్ నుంచి నట్టు మీదికి మారేటప్పుడు మరలు సర్దుకుంటాయి, నట్టు కింద అణుగుతుంది, సాగుడులో కొంత వెనక్కి పోతుంది. ఎంత పోతుందనేది స్టడ్ పొడవు మీద ఉంటుంది. ఎంత అదనంగా లాగాలో చెప్పే ఒక మోటు లెక్క ఉంది: వ్యాసాన్ని బిగింపు పొడవుతో భాగించి 1.01 కలపాలి. మా ఫ్లాంజ్‌కు 20ని 50తో భాగిస్తే 0.4, మొత్తం 1.41. 73 మిగలాలంటే 103 దాకా లాగాలి. బోల్టు తట్టుకుంటుంది గానీ, 30 కిలోన్యూటన్లు అందాజాగా వదిలేసే పద్ధతిని కచ్చితమైనదని ఎలా అంటాం? నట్టును చేత్తో దింపిన మనిషి ఎంత గట్టిగా దింపాడన్నదాన్ని బట్టి కూడా అది మారుతుంది. పైగా టెన్షనర్ పట్టుకోవడానికి నట్టు పైన కనీసం ఒక వ్యాసమంత మర బయటికి ఉండాలి. తల ఉన్న మామూలు బోల్టులో అది దొరకదు.

అదే 36 మి.మీ. స్టడ్, 300 మి.మీ. బిగింపు పొడవు తీసుకోండి. గుణకం 1.13కి దిగుతుంది. సాగుడు 0.44 మి.మీ., కాబట్టి 0.02 పోయినా పోయేది ఐదు శాతం లోపు. ఇదే స్టడ్‌కు టార్క్ పెట్టాలంటే నూనె రాసినా 1,300 న్యూటన్ మీటర్లు దాటుతుంది. చేతి రెంచ్ చాలదు, మరలు గీసుకుపోయి పట్టేసే ప్రమాదమూ ఉంటుంది. ఇక్కడ టెన్షనర్‌కు పోటీ లేదు. సగం స్టడ్‌లను ఒకేసారి లాగొచ్చు కాబట్టి గాస్కెట్ ఒక పక్కకు నలిగిపోదు.

కాబట్టి పొట్టి బోల్టు, గాస్కెట్ ఉన్న మామూలు ఫ్లాంజ్‌కు నా ఓటు టార్క్ రెంచ్‌కే. అయితే ఒక్క రౌండు బిగించి 'టిక్' వినగానే వెళ్లిపోయే టార్క్ కాదు. మర మీద, నట్టు కింది ముఖం మీద ఒకే నూనె, కింద గట్టి వాషరు. పాతవీ కొత్తవీ కలపకూడదు. మొదటి రౌండు 30 శాతం, రెండోది 60, మూడోది 100, మూడూ ఎదురెదురుగా. ఒక బోల్టు బిగిస్తే పక్కదాని దగ్గర గాస్కెట్ ఇంకాస్త నలిగి అది సడలుతుంది కాబట్టి, మూడో రౌండుతో ఆపితే మొదట బిగించినవి తక్కువలో ఉండిపోతాయి. అందుకే ఆ తర్వాత వరుసగా చుట్టూ తిరుగుతూ, ఏ నట్టూ కదలనంత వరకు 100 శాతంతోనే బిగించాలి. వీలుంటే నాలుగు గంటలు ఆగి అదే టార్క్‌తో ఇంకో రౌండు. అణిగిపోయిన ఆ 0.02లో చాలా భాగం తిరిగొచ్చేది ఇక్కడే. టెన్షనర్‌తో మళ్లీ పెట్టడం పెద్ద తతంగం, రెంచ్‌తో పది నిమిషాల పని.

ఈ చివరి రౌండు ఫైబర్ గాస్కెట్‌కు లైను చల్లగా, ఒత్తిడి లేకుండా ఉన్నప్పుడే చేయాలి. ఒకసారి వేడెక్కిన ఫైబర్ షీటులో రబ్బరు బిరుసెక్కుతుంది, దాని మీద మళ్లీ బిగిస్తే పగులుతుంది. లీకు కనబడగానే నడుస్తున్న లైను మీద స్పానర్ వేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

బిగింపు ఎంత మిగిలిందో తర్వాత రెంచ్‌తో పరీక్షించి తెలుసుకుందామన్నా నమ్మకం తక్కువ. ఆగి ఉన్న నట్టు కదలడానికి మొదట ఎక్కువ టార్క్ అడుగుతుంది, తుప్పు పట్టి ఉంటే ఇంకా ఎక్కువ. 220కి కదల్లేదంటే 73 ఉందని కాదు. మైక్రోమీటరుతో పొడవు కొలిస్తే నిజం తెలుస్తుంది గానీ, 0.1 మి.మీ. సాగుడులో 0.01 తప్పు కొలిచినా పది శాతం తేడా. అది పొడవాటి స్టడ్‌కే నప్పే కొలత.

మా లైనులో ఆ తర్వాత పన్నెండూ కొత్త బోల్టులు, కొత్త గాస్కెట్ వేసి ఐదు రౌండ్లూ చేశాం, కారలేదు. మాటిమాటికీ వేడెక్కి చల్లారే ఇంకో పొట్టి ఫ్లాంజ్ మాత్రం దానితో కూడా మాట వినలేదు. దానికి టార్క్ పెంచలేదు. పొడవాటి స్టడ్‌లు వేసి, ఒక్కో స్టడ్‌కు ఒక వైపు నట్టు కింద మాత్రం 70 మి.మీ. ఉక్కు గొట్టం ముక్క తొడిగాం. సాగే పొడవు 70 నుంచి 140కి పెరిగింది, సాగుడు 0.1 నుంచి 0.2 మి.మీ. అయింది. గాస్కెట్ అంతే పలచబడుతుంది, పోయే బలం మాత్రం సగం. బిగించింది అదే రెంచ్‌తో, అదే 220కి.