ఇన్‌ఫిల్‌కీ గోడకీ మధ్య సందు: ఓవర్‌ల్యాప్ పెంచాలా, స్పీడు తగ్గించాలా, ఇంకో గోడ వేయాలా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీల వైరింగ్ పని చేసే ఒకాయనకి క్యాబిన్‌లో వైర్ల కట్టను పట్టి ఉంచే క్లాంపులు పది 3డీ ప్రింట్ చేసిచ్చాను. వారం తిరక్కుండా రెండు పట్టుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు. "ఏంటి బాబూ ఇది, తొక్క వేరు, గుజ్జు వేరు అయిపోయింది?"

నిజంగా అలాగే ఉంది. గోడ రెండు వరసలూ కలిసి రేకులా లేచిపోయాయి, లోపలి ఖాళీని నింపే ఇన్‌ఫిల్ గళ్లు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. ఊడిన గోడ లోపలి వైపు వేలితో రాసి చూస్తే నున్నగా తగిలింది. ఇన్‌ఫిల్ గట్టిగా అతుక్కుని తర్వాత తెగి ఉంటే తెగిన మొనలు గరుకుగా మిగలాలి కదా. అంటే అది విరగలేదు, అసలు అతకనేలేదు.

నా సెట్టింగులు: 0.4 నాజిల్, పీఈటీజీ, రెండు గోడలు, 20% గ్రిడ్ ఇన్‌ఫిల్, గోడలకి సెకనుకి 40 మి.మీ., ఇన్‌ఫిల్‌కి 90. మోడల్‌ని ప్రింటర్ కోసం పొరలుగా కోసిచ్చే స్లైసర్ సాఫ్ట్‌వేర్ క్యూరాలో `Infill Overlap Percentage` 10 మీదే ఉంది. ఈ శాతం గీత వెడల్పు మీద లెక్క కాబట్టి, 0.4 మి.మీ. గీతకి 10% అంటే ఇన్‌ఫిల్ గోడలోకి చొచ్చుకెళ్లేది 0.04 మి.మీ. మాత్రమే. అంత వేగంలో కరిగిన ప్లాస్టిక్ అందక గీత సన్నబడితే ఆ కాస్తా చాలదు, సందు పడుతుంది. ఇది తెలుసుకోవడానికి ముక్కను విరగ్గొట్టక్కర్లేదు, సగంలో ప్రింట్ ఆపి పైనుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూస్తే గోడ పక్కనే నల్లటి గీతలా కనపడుతుంది.

అదే క్లాంప్‌ని మూడు రకాలుగా మళ్లీ తీశాను.

మొదట ఓవర్‌ల్యాప్ ఒక్కటే పెంచాను. 25 దగ్గర, అంటే 0.1 మి.మీ. దగ్గర, సందులు దాదాపు పోయాయి. ఆశ కొద్దీ 45 పెట్టాను, అక్కడ బోల్తా పడ్డాను. రెండు గోడలూ కలిపితేనే 0.8 మి.మీ., అందులోకి ఇన్‌ఫిల్ 0.18 దూరితే అక్కడి ప్లాస్టిక్ ఎక్కడికి పోతుంది, బయటికే తోస్తుంది. క్లాంప్ పక్క గోడ మీద గళ్ల ఆనవాళ్లు వేలికి తగిలాయి, ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుంటే కంటికీ కనిపించాయి. అప్పుడు చూస్తే `Infill Before Walls` కి టిక్ ఉంది. ముందే గట్టిపడిన ఇన్‌ఫిల్ మొనల మీద నుంచి గోడ వేస్తే ఆ మచ్చలు ఇంకా ఎక్కువవుతాయి, కాబట్టి పైకి కనిపించే వస్తువైతే ఆ టిక్ తీసేయండి.

రెండోసారి ఓవర్‌ల్యాప్ 10కే తెచ్చి ఇన్‌ఫిల్ స్పీడు 45కి దించాను. సందులు చాలావరకు మూసుకున్నాయి, బయట గోడ ఎంత నున్నగా ఉందంటే మూడింటిలోకీ ఇదే అందం. కాకపోతే టైము ఎక్కువ పట్టింది, ప్లయర్‌తో మెలిపెడితే ఒక మూల ఇంకా కొంచెం లేచింది.

మూడోది మూడు గోడలు, ఓవర్‌ల్యాప్ 20, స్పీడు 60. ఇది లేవలేదు. ప్లయర్‌తో ఇంకా గట్టిగా తిప్పితే క్లాంప్ చెవి దగ్గర అడ్డంగా, ఇన్‌ఫిల్‌తో సహా విరిగింది. గోడా లోపలి గళ్లూ ఒకటిగా పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తు. లోపల తోసినా మధ్యలో ఒక గోడ అడ్డం ఉంది కాబట్టి బయటికి మచ్చ రాలేదు.

కాబట్టి బరువు మోసే వాటికి నా ఓటు మూడోదానికే. అల్మారాలో పెట్టుకునే బొమ్మకైతే రెండోది చాలు. ఓవర్‌ల్యాప్ ఒక్కదాన్నే 30 దాటించి నెట్టుకురావడం మాత్రం నాకు నచ్చదు, రెండే గోడలున్నప్పుడు అసలొద్దు.

ఒక స్లైసర్ అంకె ఇంకోదాంట్లో దించకండి. క్యూరాలో మామూలుగా 10 ఉంటే ప్రూసాస్లైసర్‌లో 25 ఉంటుంది, లెక్క కట్టే తీరులో తేడాలున్నాయి. ఇంకొకటి, పై మూతలో అంచు వెంట సూది బెజ్జాలు కనిపిస్తే దానికి ఈ సెట్టింగ్ పనిచేయదు, క్యూరాలో `Skin Overlap Percentage` అని విడిగా ఉంది, దాన్ని కదపాలి.

సందు నాలుగు వైపులా కాకుండా ఒక్క వైపే, ఎప్పుడూ అదే వైపు పడుతుంటే స్లైసర్ జోలికే పోవద్దు, ముందు బెల్ట్ చూడండి. మా వీధిలో ఇంకో కుర్రాడు ఓవర్‌ల్యాప్ 50 దాకా తీసుకెళ్లి టెన్షన్ పడుతున్నాడు, వెళ్లి చూస్తే ప్రింట్ చేసిన గుండ్రటి బెజ్జం కోడిగుడ్డులా ఉంది. ఎక్స్ బెల్ట్ బిగించగానే ఆ బెజ్జమూ గుండ్రంగా వచ్చింది, సందూ పోయింది, ఓవర్‌ల్యాప్ మళ్లీ 15కి దించేశాడు.