ఎస్‌విజి పేరుతో జేపీజీ అమ్ముతున్నాడు, లోగోలు చేయించుకునేవాళ్లు జాగ్రత్త

రెండు ఫ్లెక్సీలు తగలేసి, నలుగురిలో తిట్లు తిని వచ్చి ఇది రాస్తున్నా. ఆయనెవరో మీలో చాలామందికి తెలుసు. "లోగో వెక్టర్ చేసి ఇస్తాం, ఒక్కరోజులో డెలివరీ" అని పొద్దునా సాయంత్రం పోస్టులు పెడుతుంటాడే, ఆయనే. పేరు రాయను, రాస్తే మళ్లీ అదో గొడవ.

సంగతి క్లుప్తంగా ఇదీ. మా ఊరి హైస్కూల్ పూర్వ విద్యార్థుల సంఘం లోగో ఒకటుంది. మధ్యలో దీపం, చుట్టూ గుండ్రంగా సంఘం పేరు. ఎప్పుడో మా డ్రాయింగ్ మాస్టారు చేత్తో గీసింది. అసలు కాగితం ఎవరి దగ్గరా లేదు. మిగిలిందల్లా వాట్సాప్ గ్రూపు డీపీగా ఉన్న జేపీజీ, 320 పిక్సెళ్ల వెడల్పుది, అంటే 320 చుక్కలు. ఆదివారం సమావేశానికి లెటర్‌హెడ్లు, 12 అడుగులు x 6 అడుగుల ఫ్లెక్సీ కావాలి. ఫ్లెక్సీ అతను "ఎస్‌విజి ఉంటే ఇవ్వన్నా, ఎంత పెద్దగా చేసినా పగలదు" అన్నాడు. వెక్టర్ అంటే ఇదే, చుక్కలతో కాకుండా గీతలతో చేసిన బొమ్మ. సరే అని ఈ మహానుభావుడికి 1800 రూపాయలు కట్టాను. మొత్తం అడ్వాన్సే. అవును, మొత్తం. నవ్వుకోండి.

సాయంత్రానికి ఫైల్ వచ్చింది. పేరు చివర .svg ఉంది. బ్రౌజర్‌లో తెరిస్తే దీపం దీపంలా, అక్షరాలు అక్షరాల్లా కనిపించాయి. లెటర్‌హెడ్లు 500 ముందు వేయించాను. చాలా బాగా వచ్చాయి! అదే నన్ను ముంచింది. కాగితం మీద లోగో వెడల్పు 22 మిల్లీమీటర్లు. అంత చోట్లో 320 చుక్కలంటే అంగుళానికి 370 దాకా పడతాయి, ఎంత పాత జేపీజీ అయినా ముచ్చటగానే కనిపిస్తుంది. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నా. అప్పుడు మాత్రం "ఆహా, పనిమంతుడు" అని నలుగురికి రికమెండ్ కూడా చేశాను.

శుక్రవారం రాత్రి ఫ్లెక్సీ తీసుకోవడానికి వెళ్లాను. లోగో మూడు అడుగులు. అదే 320 చుక్కల్ని మూడు అడుగులకు సాగదీస్తే ఒక్కో చుక్క దాదాపు మూడు మిల్లీమీటర్లు అవుతుంది. అక్షరాల అంచులన్నీ మెట్లు మెట్లుగా ఉన్నాయి. అంతకన్నా ఘోరం, దీపం చుట్టూ మురికి అంటినట్టు గళ్లు. జేపీజీ బొమ్మను 8 చుక్కలు x 8 చుక్కల గళ్లుగా విడగొట్టి దాచుకుంటుందట. చిన్నగా ఉన్నప్పుడు కనపడని ఆ గళ్లు ఇక్కడ ఒక్కోటి అంగుళానికి కాస్త తక్కువగా తేలాయి. ఫ్లెక్సీ కుర్రాడు కోరెల్‌డ్రాలో దాని మీద క్లిక్ చేసి చూపించాడు. "కింద బిట్‌మ్యాప్ అని వస్తోందన్నా. ఇందులో గీతలేం లేవు, బొమ్మే ఉంది" అన్నాడు. ముందే చెప్పొచ్చు కదరా అంటే "మీరే డిజైనర్ దగ్గర చేయించానన్నారు కదన్నా" అన్నాడు. నోరు పడిపోయింది. 72 చదరపు అడుగులు, అడుగు 12 రూపాయల చొప్పున 864 రూపాయలు గోవిందా.

అక్కడే నిలబడి ఆయనకు ఫోన్ చేశాను. ఈ సంభాషణ కోసమే అసలు ఈ పోస్టు.

"అండీ, మీరిచ్చింది వెక్టర్ కాదంట, లోపల జేపీజీయే ఉందంట."

"మీరు ఏం ఫైల్ అడిగారు?"

"ఎస్‌విజి."

"నేను ఏం ఇచ్చాను?"

"ఎస్‌విజియే, కానీ..."

"మరి? ఎస్‌విజి అడిగారు, ఎస్‌విజి ఇచ్చాం. లోపల ఏముండాలో మీరు చెప్పలేదు కదా సార్."

చూశారా! స్వీట్ బాక్సు అడిగితే ఖాళీ డబ్బా చేతిలో పెట్టి "బాక్సే కదా అడిగారు" అన్నట్టు. ఆ గొంతులో తప్పు చేసిన బెరుకు కూడా లేదు, నవ్వుతున్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఫ్లెక్సీ కుర్రాడు కూడా విని తల వంచుకుని కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు. నాకు ఆ 864 కంటే ఆ నవ్వే ఎక్కువ మండింది.

ఇంటికొచ్చి ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఎస్‌విజి అంటే నిజానికి అక్షరాలతో రాసిన ఫైలే, ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఇదీ లోపలున్న నిధి:

```
<svg xmlns="http://www.w3.org/2000/svg"
     xmlns:xlink="http://www.w3.org/1999/xlink"
     width="320" height="320">
  <image width="320" height="320"
    xlink:href="data:image/jpeg;base64,/9j/4AAQSkZJRg..."/>
</svg>
```

ఆ తర్వాత అర్థంకాని అక్షరాలు పేజీలకు పేజీలు. `<image` అని, `data:image/jpeg` అని ఉందంటే నా జేపీజీనే అక్షరాలుగా మార్చి లోపల కుక్కాడన్నమాట. నిజంగా గీసిన ఫైల్‌లో `<path`, `<circle` లాంటివి ఉంటాయి. గీత ఎక్కడ మొదలై ఎటు వంగి ఎక్కడ ఆగాలో అంకెల్లో రాసి ఉంటుంది. అందుకే ఎంత పెంచినా ప్రతిసారీ కొత్తగా గీసుకుంటుంది, పగలదు. అర నిమిషం పని. డబ్బు కట్టేముందు నేను చెయ్యని అర నిమిషం.

పోనీ అంతటితో అయిపోయిందా? నేను గట్టిగా మెసేజ్‌లు పెడితే శనివారం పొద్దున్నే "రివైజ్డ్" అని ఇంకో ఫైల్ పడేశాడు. ఈసారి నేను తెలివిమీరాను. ఇంక్‌స్కేప్ అని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వేసుకుని View మెనూలో Display Mode, అందులో Outline పెట్టి చూశాను. రంగులన్నీ పోయి ఉత్త గీతలు కనిపించే చూపు అది. మొదటి ఫైల్‌కి అక్కడ ఒక్క చతురస్రం వచ్చింది. దీనికి గీతలే గీతలు. హమ్మయ్య అనుకుని ప్రింటింగ్‌కి పంపేశాను. గీతలున్నాయని చూశానే తప్ప ఏం గీతలో చూడలేదు.

ఆదివారం ఫ్లెక్సీ కట్టాం. దూరం నుంచి బాగానే ఉంది. అప్పుడొచ్చారు మా తెలుగు మాస్టారు, ఎనభై దాటాయి, కళ్లజోడు సవరించుకుని లోగో వంకే చూస్తున్నారు. "ఒరే, ఇలా రా. అదేంటి చదువు" అన్నారు. "పూర్వ విద్యార్థుల సంఘం మాస్టారూ." "అలా చదవమనలేదు. అక్కడ ఏముందో అది చదువు." చూస్తే "విద్యార్ధుల" అని ఉంది. థ వత్తులో చుక్క లేదు! మూడు అడుగుల లోగోలో, ఊరందరి ముందు. "నీ చేత వందసార్లు రాయించాను కదరా దీన్ని, ఏడో తరగతిలో" అన్నారాయన. నిజంగానే రాయించారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఆ చుక్క ఎక్కడికి పోయిందో ఆ రాత్రి పట్టుకున్నాను. రెండోసారి ఆయన చేసింది ఆటో ట్రేస్. ఇంక్‌స్కేప్‌లో Path మెనూలో Trace Bitmap అని ఉంటుంది, నొక్కితే బొమ్మలో ముదురు లేత తేడాలు చూసి అదే అంచులు గీసేస్తుంది. అందులో Speckles అని ఒక సెట్టింగు ఉంది, చిన్న చిన్న మచ్చల్ని దుమ్ము అనుకుని తుడిచెయ్యడానికి. మామూలుగా అది 2 పిక్సెళ్ల దగ్గర ఉంటుంది, అంటే అంతకు మించని మచ్చ ఏదైనా పోతుంది. 320 పిక్సెళ్ల బొమ్మలో వత్తు లోపలి చుక్క అంటే ఎంతుంటుంది? ఒకటో రెండో పిక్సెళ్లు. సాఫ్ట్‌వేర్‌కి థ, ధ తేడా తెలీదు, దుమ్ము అనుకుని ఊడ్చేసింది. ఇంగ్లిష్ లోగోకి ఐ మీద చుక్కో, ఫుల్‌స్టాపో పోతుంది. మనకి వత్తులు, లోపలి చుక్కలు, సున్నా మధ్య ఖాళీలు, ఎన్ని ఉన్నాయి! తెలుగు లోగోని చిన్న జేపీజీ నుంచి ఆటో ట్రేస్ చేసి, మళ్లీ చదివి చూసుకోకుండా ఇచ్చేవాడు దొంగ కిందే లెక్క.

దగ్గరికి వెళ్లి చూస్తే మిగతా పాపాలూ కనిపించాయి. వలయం గుండ్రంగా లేదు, వేళ్లతో ఒత్తిన గారెలా ఉంది. దీపం చుట్టూ ఉన్న జేపీజీ మురికిని కూడా భక్తిగా గీసేసింది, ఒకే పసుపు అయిదారు పసుపులైంది. నోడ్ టూల్‌తో అంతా సెలెక్ట్ చేస్తే కింద 4,300 పైచిలుకు నోడ్లు చూపించింది. గీత వంగే చోటల్లా ఉండే బిందువులు అవి. వలయానికి నాలుగు చాలు.

ఇదంతా రాసి పంపితే సార్‌వారి సమాధానం: "స్పెల్లింగ్ చూసుకునే బాధ్యత కస్టమర్‌దే." తర్వాత బ్లాక్.

నిన్న మా తమ్ముడి స్నేహితుడు కూర్చుని మళ్లీ చేసిచ్చాడు. జేపీజీని అడుగు లేయర్‌లో పెట్టి, సగం పలచన చేసి, లాక్ చేశాడు. పైన వలయాన్ని సర్కిల్ టూల్‌తో వేశాడు. దీపం ఒక పక్క సగమే పెన్ టూల్‌తో గీసి రెండో పక్కకి అద్దంలోలా తిప్పాడు. అక్షరాలు మాస్టారు చేత్తో రాసినవి, ఏ ఫాంటుకీ కలవవు. అందుకని ఒక్కో అక్షరం మీదా మళ్లీ గీశాడు, థ వత్తులో చుక్కతో సహా. వంపు మొదట్లో ఒక నోడ్, చివర్లో ఒక నోడ్, అంతే. మొత్తం 600 నోడ్లు దాటలేదు. నాలుగు గంటలు పట్టింది. ఒక్కరోజులో పది లోగోలు డెలివరీ అనేవాళ్లు ఏం చేస్తుంటారో మీరే ఊహించుకోండి. ఒకటి గమనించాను, ఫైల్ సైజు చూసి మోసపోకండి. మొదటి దొంగ ఫైల్ 24 కేబీ, ఇదీ ఇంచుమించు అంతే. సైజు ఏమీ చెప్పదు, తెరిచి చూడాల్సిందే.

సలహా అంటే ఏముంది, సగం డబ్బే ముందివ్వండి. మిగతాది ఇచ్చేముందు అవుట్‌లైన్ చూపులో స్క్రీన్‌షాట్ అడగండి, అక్షరాల్ని పెద్దవి చేసుకుని ఒక్కొక్కటీ చదవండి. "ఫాంట్ ఉంటే పాత్‌గా మార్చే ఇవ్వాలి" అని రాతలో పెట్టండి, లేకపోతే ఆ ఫాంటు లేని ప్రెస్సులో మీ పేరు ఇంకోలా పడుతుంది. నేను చెప్పేదేంటి, మొత్తం అడ్వాన్స్ కట్టినవాణ్ని.

మొదటి ఫ్లెక్సీ మా పెదనాన్న గడ్డివాము మీద కప్పుకున్నాడు. రెండోది ఇమ్మంటే మాస్టారు వద్దన్నారు, స్కూల్లో తగిలించి పిల్లల చేత తప్పు పట్టిస్తారట.