ఆర్డర్ మెయిల్‌కు జవాబు రాకపోతే రెండో మనిషికి రాయడం: ఏళ్లుగా వాడుతున్నాక నా అభిప్రాయం

అనంతపురంలో మాది డ్రిప్ సామాను అమ్మే షాపు. లాటరల్ పైపులు, డ్రిప్పర్లు, ఫిల్టర్లు హైదరాబాదు కంపెనీ నుంచి తెప్పిస్తాం. సైజు, సంఖ్య, రేటు రాతలో ఉంటే తర్వాత పేచీ రాదని ఆర్డర్లన్నీ మెయిల్‌లోనే పెడతాం. అవతల వాటిని చూసేది ఒక్కరే. ఆ సారు పలకనప్పుడు అదే కంపెనీలో ఇంకొకరికి రాయడం మాకు చాలా కాలంగా అలవాటు. పద్ధతి బాగా పనిచేస్తుంది, కానీ ఎవరికి రాస్తున్నాం, ఏం రాస్తున్నాం అన్నది చూసుకోవాలి.

మామూలు రోజుల్లో రెండు పనిదినాలు ఆగుతాను, ఒకసారి ఫోన్ చేస్తాను. ఎండాకాలంలో మాత్రం ఒక్క రోజే. చీనీ తోటకు నీళ్లు ఆగితే పిందె రాలిపోతుంది, రైతు మన జవాబు కోసం కూర్చోడు. మెయిల్ వెనక్కి తిరిగొచ్చి ‘Address not found’ అని కనిపిస్తే మాత్రం అసలు ఆగను. అడ్రసు తప్పుగా టైపు చేయలేదంటే, ఆ అడ్రసే ఇక పనిచేయడం లేదని దాని అర్థం. చాలాసార్లు ఆ మనిషి ఉద్యోగం మానేసి ఉంటాడు. తిరిగి రాలేదు కదా అని ధీమాగా ఉండడానికీ లేదు. మనిషి వెళ్లిపోయినా మెయిల్‌బాక్స్‌ను కంపెనీ అలాగే ఉంచితే, మన ఆర్డర్ అందులో పడి చూసే దిక్కు లేకుండా ఉంటుంది.

రెండో మనిషి కోసం పాత కాగితాలు వెతికితే చాలు. ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు మెయిల్‌లో ఎవరు పంపారో, సీసీలో ఎవరెవరు ఉన్నారో చూస్తాను. నా లెక్కలో అందరికంటే పనికొచ్చేది బిల్లింగ్ లేదా డిస్పాచ్ చూసేవాళ్లు. సరుకు కదిలేది వాళ్ల చేతుల మీదుగానే. నేరుగా ఓనర్‌కో, సేల్స్ మేనేజర్‌కో రాస్తే అది ఫిర్యాదు అయిపోతుంది. మన సారుకు మాట వస్తుంది, రేపు ఆయనతోనే మళ్లీ పని ఉంటుంది.

మొన్న ఎండాకాలం సంగతే చెబుతాను. 16 ఎంఎం లాటరల్ 40 రోల్స్, డిస్క్ ఫిల్టర్లు 10 కావాలని 6వ తేదీన పెట్టిన ఆర్డర్‌కు ఉలుకూ పలుకూ లేదు, ఫోన్ ఎత్తలేదు. బిల్లింగ్ మేడమ్‌కు రాశాను. కొత్త మెయిల్ పెట్టకుండా పాతదాన్నే ఫార్వర్డ్ చేసి, సారును సీసీలో ఉంచి, సబ్జెక్టులో అదే ఆర్డర్ నంబరు వేశాను. రాసింది ఇంతే: “నమస్తే మేడమ్. 6వ తేదీన పంపిన మా ఆర్డర్ కింద ఉంది. ఇది కొత్త ఆర్డర్ కాదు. సారు సెలవులో ఉన్నారేమో, జవాబు రాలేదు. ఈ ఆర్డర్ మీ దగ్గర నమోదైందా? కాకపోతే ఎవరికి పంపాలో చెప్పండి. సరుకు 14వ తేదీ లోపల అనంతపురం చేరాలి.”

‘ఇది కొత్త ఆర్డర్ కాదు’ అన్న మాట ఎప్పుడూ వదలను. కదిరిలో మా బంధువుల షాపుకు ఒకసారి ఒకే సరుకు రెండు లోడ్లు వచ్చింది. రెండో మనిషి ఆర్డర్ ఎక్కించారు, సెలవు నుంచి వచ్చిన మొదటి మనిషి కూడా ఎక్కించారు. వెనక్కి పంపే లారీ బాడుగ ఎవరు కట్టాలన్నది పెద్ద గొడవైంది.

మేడమ్ సాయంత్రానికల్లా జవాబిచ్చారు. ఆర్డర్ నమోదు కాలేదట. వెంటనే ప్రొఫార్మా పంపారు, కానీ అందులో ఉన్నది లిస్టు రేటు. మాకిచ్చే డిస్కౌంట్ సారుకు తెలుసు, ఆమెకు తెలియదు. ఈ పద్ధతిలో నాకు నచ్చని భాగం ఇదే, దాదాపు ప్రతిసారీ ఎదురవుతుంది. డిస్కౌంట్‌ను ఒప్పుకుంటూ సారు రాసిన పాత మెయిల్ జతచేశాక సరిచేశారు, సరుకు 13న దిగింది. నోటిమాట రేట్ల మీద నడిచే షాపులకు ఇక్కడ ఆధారం దొరకదు. రేటు మారిన ప్రతిసారీ ఒక్క లైనైనా మెయిల్‌లో రాయించుకోవాలి.

కొన్నిసార్లు మౌనానికి కారణం మన బాకీయే అవుతుంది. పాత బిల్లు గడువు దాటితే ఆర్డర్ ఆపేస్తారు, ఆ మాట మొహం మీద చెప్పలేక సారు పలకరు. అప్పుడు డిస్పాచ్‌కు రాసినా ఫలితం ఉండదు. అకౌంట్స్ వాళ్లను లెడ్జర్ అడిగితే విషయం బయటపడుతుంది.

కొత్త మనిషి జవాబులో బ్యాంకు ఖాతా మారిందని ఉంటే మాత్రం డబ్బు వేయను. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయను. పాత ఇన్‌వాయిస్ మీద అచ్చయిన నంబరుకే చేసి, ఖాతా అంకెలు నోటితో చదివించుకుంటాను.